చేతికిచ్చి తీసుకున్న డబ్బు

పెద్దక్కకి ఫోన్‌లో వచ్చే మెసేజీలంటే ఒళ్లుమంట. లోను కావాలా అని ఒకడు, లాటరీ తగిలిందని ఇంకొకడు. అలాంటి వాటిల్లోనే ఇన్‌కమ్ టాక్స్ వాళ్లదీ ఒకటొచ్చి, చెత్తలో చెత్తగా పడుండిపోయింది. రెండోసారీ వచ్చింది, అదీ పడుంది. మూడోది రిజిస్టర్డు పోస్టులో వచ్చి గుమ్మంలో సంతకం పెట్టించుకుంటే అప్పుడు గానీ ఆవిడ విప్పి చదవలేదు. రెండు ముక్కల్లో దాని సారాంశం ఇది. నువ్వు చూపించిన ఆదాయం ఇంత, నీ బ్యాంకు ఖాతాలో పడింది దానికి ఎన్నో రెట్లు, ఆ డబ్బు ఎక్కడిదో ఆధారాలతో చెప్పు.

ఎక్కడిదేమిటి, ఆవిడ రెక్కల కష్టానిది. ఇరవై ఏళ్లు ఎముకల ఆసుపత్రిలో ఆయాగా బెడ్‌పాన్లు ఎత్తి, నడుం పడిపోయాక, మంచాన పడ్డ వాళ్ల ఇళ్లకి చూసుకునే మనుషుల్ని పంపే పని పెట్టుకుంది. ఇంటి ముందుగదే ఆఫీసు. రెండు చక్రాల కుర్చీలు, పెద్దవాళ్ల డైపర్ల డబ్బాలు, బీపీ మిషను, ఒక బల్ల. ఆవిడ కింద తొమ్మిదిమంది ఆడవాళ్లు. వాళ్లకే కాదు, వీధి వీధంతటికీ ఆవిడ పెద్దక్కే. కట్టుకున్న మొగుడు కూడా కోపం వచ్చినప్పుడు అలాగే పిలుస్తాడు.

ఆడిటరు ఆఫీసు మెట్లెక్కేసరికి ఆవిడకి ఆయాసం వచ్చేసింది. ఆడిటరు అరచేతిలో గడ్డం పెట్టుకుని బ్యాంకు స్టేట్‌మెంటు మొత్తం చదివాడు. చదువుతున్నంత సేపూ ఆవిడ అతని మొహమే చూస్తూ కూర్చుంది, రిపోర్టు చదివే డాక్టరు మొహం చూసినట్టు.

"అమ్మా, మొదటి తప్పు చెప్తాను. పేషెంట్ల ఇళ్ల నుంచి వచ్చినదంతా రాబడిగా చూపించి, మనుషులకిచ్చిన జీతాలు ఖర్చుగా రాయాలి. మీరు మీకు మిగిలింది ఒక్కటే రాశారు."

"నాది కాని డబ్బు నాదని ఎలా రాస్తాను?"

"రాసి, కింద ఖర్చు తీసెయ్యాలి. సరే, అది సర్దచ్చు. బిల్లులున్నాయి, జీతాల రిజిస్టరుంది. ఈ మే నెలది ఫిక్స్‌డ్ డిపాజిట్ ముగిసి వచ్చినది, అదీ సరే. ఇవి చెప్పండి. ప్రతి నెలా రెండో తారీఖున నోట్ల రూపంలో మీరే వేసుకున్న ఈ డబ్బు ఎక్కడిది?"

పెద్దక్క తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. అదా, అనుకుంది. పాపం, అక్కడే కొంప మునుగుతోందని ఆవిడకి తెలీదు.

ఆ పద్ధతి ఆవిడ పెట్టిందే. ఆ ఆడవాళ్లలో చాలామందికి ఇంట్లో జీతం నిలవదు. ఒకామె మొగుడు తాగుతాడు, ఒకామె కొడుకు లాక్కుంటాడు. అందుకని కాస్త కాస్త పెద్దక్క దగ్గర దాచుకుంటారు. ఇంకొకరైతే జీతంలోంచి అంత పట్టి ఉంచేసుకునేవాళ్లు. పెద్దక్క ఒప్పుకోలేదు. ఒకటో తారీఖున బ్యాంకులో తీసి, ప్రతి మనిషికీ మొత్తం జీతం చేతిలో పెట్టి, "లెక్కపెట్టుకో" అంటుంది. వాళ్లు లెక్కపెట్టుకుంటారు. కాసేపు ఒళ్లో ఉంచుకుంటారు. తర్వాత దాచుకోదలిచింది విడదీసి, "ఉంచక్కా" అని చెయ్యి చాస్తారు. అప్పుడు తీసుకుని, మర్నాడు బ్యాంకులో వేస్తుంది. కష్టపడ్డ డబ్బు ఒక్కసారైనా చేతికి తగలాలి కదా, లేకపోతే అది సంపాదనేమిటి అని ఆవిడ వాదన. మంచి వాదనే. కానీ డబ్బు ఖాతాలోంచి కదలకుండా ఉంటే ఈ గొడవే లేదు. అదే డబ్బు పేషెంట్ల ఇళ్ల నుంచి ఒకసారి, ఆవిడ చేతి మీదుగా మరోసారి, రెండుసార్లు వచ్చి పడింది.

ఆడిటరు అంతా విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఒకటిన తీసిందే రెండున వేశానంటే సరిపోతుంది కదండీ?" అంది పెద్దక్క.

"అంటే జీతాలివ్వలేదని మీరే ఒప్పుకున్నట్టు. అప్పుడు ఆ జీతాలన్నీ మీ లాభం. జీతాలిచ్చానంటారా, రెండో తారీఖు డబ్బుకి వేరే లెక్క కావాలి. ఎటు తిప్పినా మీకే తగులుతుంది."

"మరి నిజం చెప్తే?"

"నిజమే చెప్పాలి. కానీ అది వాళ్ల నోటి నుంచి రావాలి. మాకు జీతం అందింది, అందులో నెలకింత ఆవిడ దగ్గర దాచుకున్నాం, అని ఒక్కొక్కరూ రాసి ఇవ్వాలి. పేరు, ఇంటి చిరునామా, గుర్తింపు కార్డు జిరాక్సు. ఇవాళ రాసిన దానికి ఇవాళ్టి తారీఖే వెయ్యండి, పాత తారీఖులు వేశారంటే అసలుకే మోసం. మీరు నోటీసు పంపిన రోజే నేను గడువు అడిగి తీసుకున్నాను, వచ్చే శుక్రవారం సాయంత్రం దాకా ఇచ్చారు. ఇంక ఇవ్వరు."

"రాయకపోతే?"

"లెక్క చెప్పలేని డబ్బంతా మీ ఆదాయమే అంటారు. దాని మీద మామూలు పన్ను కాదు, దాంట్లో ఎక్కువ భాగం తీసేసుకునే పన్ను. పైన జరిమానా." అతను గొంతు తగ్గించాడు. "ఇల్లు మీ పేరు మీదే కదా ఉంది?"

ఆవిడ తలూపింది. ఆ ఇల్లు కొనడానికి ఆవిడ ఎన్ని బెడ్‌పాన్లు ఎత్తిందో దేవుడికే తెలియాలి. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగింది.

ఇంటికొచ్చి చెప్తే మొగుడు భోజనం ముందు నుంచి లేచిపోయాడు. బస్సు డిపోలో పనిచేసి రిటైరైన మనిషి, ఎవరి జోలికీ పోడు. "ఊరందరి డబ్బూ నెత్తిన పెట్టుకోమని నీకెవడు చెప్పాడు?" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు మాట్లాడలేదు. అరిచినా బాగుండును అనుకుంది పెద్దక్క.

సంతకాల కోసం తిరుగుతుంటే ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది. గవర్నమెంటు కాగితమనగానే ఎవరికైనా బెరుకే. ఒకామె తన పింఛను పోతుందేమోనంది. ఒకామె కొడుకుని అడిగి చెప్తానంది, మర్నాడు కొడుకుని అడగలేదు గానీ సంతకం మాత్రం పెట్టింది. అందరికంటే పెద్దావిడ, "నా డబ్బు నీ దగ్గరుందని రాయడానికి భయమేమిటి, నీ దగ్గర లేదని రాయమంటే భయపడాలి గానీ" అని నవ్వించి, వేలు గట్టిగా అదిమి ముద్ర వేసింది. బుధవారానికి ఎనిమిది కాగితాలయ్యాయి.

మిగిలింది పిచ్చుక.

బక్కగా ఉంటుందని ఆ పేరు పెట్టింది పెద్దక్కే. తొమ్మిదిమందిలో అందరికంటే ఎక్కువ దాచింది ఆ పిల్లే. పగటి జీతం మొత్తం మొగుడికి ఇచ్చేస్తుంది. రాత్రి డ్యూటీకి అదనంగా వచ్చేదాని సంగతి అతనికి తెలీదు. అతను ఇళ్లకి రంగులేసే పని చేస్తాడు. చక్కగా మాట్లాడతాడు, నవ్వుతాడు, చేతిపని బంగారం. ఈ ముందుగదికి రంగేసిందీ అతనే. పోయినేడు పిచ్చుక మణికట్టు వాచి వచ్చింది. బాత్‌రూంలో జారానంది. ఎముకల వార్డులో ఇరవై ఏళ్లు చేసిన దానికి, జారిన చెయ్యేదో మెలిపెట్టిన చెయ్యేదో తెలీదా? ఆ రోజు పెద్దక్క ఏమీ అడగలేదు, కట్టు కట్టింది. ఆ నెల నుంచి పిచ్చుక దాచేది పెరిగింది. వేరే ఊళ్లో ఒక గది, దానికి అడ్వాన్సు, పిల్లని స్కూల్లో వెయ్యడానికి డబ్బు. అంతా అయ్యాక ఒకరోజు పిల్లని తీసుకుని వెళ్లిపోవాలని దాని ఆశ. అది పెద్దక్కకి తప్ప ఇంకెవరికీ తెలీదు.

పిచ్చుక డ్యూటీ చేసే ఇంటికి వెళ్లి, వంటగదిలో నిలబెట్టి విషయం చెప్పింది. పిచ్చుక జావ కలుపుతూ ఆగిపోయింది.

"ఇంటికి ఏమైనా వస్తుందా అక్కా?"

పెద్దక్క ఆ ప్రశ్న ఆడిటరుని అడగలేదు. అడగాలని తోచలేదనుకుందామా, తోచినా అడగలేదనుకుందామా. "రాదులే" అంది.

పిచ్చుక గరిటె పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. చదవడం రాదు దానికి, పేరు మాత్రం రాస్తుంది. నాలుక కొస బయటపెట్టి, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది. "నీ ఇల్లు పోతుందంటే నేను పెట్టకుండా ఎలా ఉంటానక్కా" అంది.

ఆ మాట విని పెద్దక్కకి ఏడుపొచ్చింది. అయినా కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ప్రాణం మీదికొస్తే ఎవరైనా అంతే.

గురువారం ఆడిటరు తొమ్మిదీ చూసి మొదటిసారి నవ్వాడు. "ఇంక భయం లేదు. పెద్ద మొత్తం పైన పెట్టి వరసగా పేర్చండి. రేపు మధ్యాహ్నానికి తెస్తే స్కాన్ చేసి పంపించేద్దాం. ఆఫీసరు చూసి, ఇద్దరు ముగ్గురికి ఉత్తరాలు రాసి నిజమేనా అని కనుక్కుంటారు, వాళ్లు అవునంటే అయిపోయినట్టే."

"ఎవరికి రాస్తారు?"

"ఎవరైనా పెద్ద మొత్తం దగ్గరే మొదలుపెడతారు కదమ్మా."

పైనున్న కాగితం పిచ్చుకది. దాని మీద చిరునామా ఆ రంగులేసే మొగుడి ఇంటిది.

ఆ సంగతి ఇంట్లో చెప్పలేక చెప్పలేక చెప్పింది. పెద్దక్క మొగుడు ఈసారి మాట్లాడాడు. "సంతకం నువ్వు దొంగతనం చేశావా? అదే పెట్టింది కదా. మనం రోడ్డున పడితే దాన్నెవరు చూస్తారు? ఆ ఉత్తరం వచ్చినా దాని చేతికే వస్తుందేమో, ఎవరు చెప్పొచ్చారు." ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. పెద్దక్క కూడా అదే చెప్పుకుంటోంది, తనకి తనే. దాని చేతికే వస్తుందేమో.

శుక్రవారం పొద్దున ముందుగదిలో బల్ల మీద కాగితాలు పేర్చుకుంటుంటే గుమ్మంలో నీడ పడింది. చేతుల నిండా సున్నం మరకలతో పిచ్చుక మొగుడు.

"ఏం పెద్దక్కా, బాగున్నారా?" అంటూనే లోపలికొచ్చేశాడు. "మా సైట్లో ఒకడి పెళ్లాం మీ దగ్గరే చేస్తుంది. వాడు చెప్పాడు, మీరేవో సంతకాలు పెట్టించుకుంటున్నారట. మీ దగ్గర దాచుకున్న డబ్బుకి."

కట్టలో పైనున్న కాగితం పిచ్చుకదే. తీసి దాస్తే చూస్తాడు, వదిలేస్తే చదువుతాడు. పక్కనే ఉన్న బీపీ మిషను లాగి కట్ట మీద పెట్టింది, ఏం చేస్తోందో తనకే తెలీకుండా.

"అవన్నీ తర్వాత. నీ మొహమేమిటలా ఎర్రగా ఉంది? కూర్చో, చెయ్యి ఇలా పెట్టు."

పేషెంట్లతో మాట్లాడే గొంతు అది, ఎంతటివాడైనా వింటాడు. కూర్చున్నాడు. మోచెయ్యి సరిగ్గా ఆ కాగితాల మీద ఆనించాడు. ఆవిడ పట్టీ చుట్టి గాలి కొట్టే రబ్బరు బుడ్డి నొక్కుతూ ఉంది. తన పెళ్లాం రాసిన పేరు తన మోచేతి కింద ఉందని అతనికి తెలీదు.

"మా దాని సంతకం కూడా తీసుకున్నారా?" అన్నాడు నవ్వుతూ.

"మాట్లాడకు, రీడింగు తప్పొస్తుంది."

గాలి దిగేదాకా మాట్లాడలేదు. దిగాక మళ్లీ అదే నవ్వు. "తీసుకున్నారా అక్కా?"

"మీ ఆవిడకి నా దగ్గర ఏముంది దాచడానికి? జీతమంతా నీకే ఇస్తుంది కదా."

"ఇస్తుంది. అదే నేనూ అన్నాను వాడితో." తను వేసిన గోడ రంగుని ఒకసారి తడిమి చూసుకున్నాడు. "ఉంటే మాత్రం ఎక్కడికి పోతుందిలే. దానికి చదవడం రాదు కదా, ఇంటికొచ్చే ఉత్తరం ముక్క ఏదైనా నేనే విప్పుతాను. బీపీ ఎంతుంది?"

"నీకేం లేదు. బాగున్నావు."

అతను వెళ్లిపోయాక పెద్దక్క ఆ పట్టీ తన చేతికే చుట్టుకుని చూసుకుంది. అంకె చూసి మిషను ఆపేసింది. ఇల్లంతా కలియజూసింది. కిటికీ, వంటగది గుమ్మం, మొగుడు మోకాలు నొప్పికి వాలే కుర్చీ. ఇదంతా పోతుందా? పోవచ్చు. కట్టలోంచి పై కాగితం తీసి నాలుగు ముక్కలు చేసి, డైపర్ల చెత్తబుట్టలో అడుగున పెట్టింది. దాన్ని ఎవరూ కెలకరు.

ఆడిటరు ఎనిమిదే చూసి తొమ్మిదోదేదని అడిగాడు.

"లేదు."

"నిన్న ఉంది కదా?"

"నిన్న ఉంది. ఇవాళ లేదు."

అతనికి కోపమొచ్చింది. రావాలి కూడా, తన కష్టమంతా బూడిదలో పోసినట్టైంది. "అమ్మా, మీకు అర్థమవుతోందా? అన్నిటికంటే పెద్దదానికే లెక్క లేదంటే మిగతా ఎనిమిదీ కట్టుకథే అనుకుంటారు. మొత్తం కొట్టేస్తే నేనేం చెయ్యలేను. అప్పీలంటారు, దానికి ఏళ్లు పడుతుంది."

"పేరు చెప్పలేని డబ్బుకి ఏం రాయాలో అది రాయండి బాబూ."

అతను ఆవిడ మొహం చూశాడు. బిల్లులు, జీతాల రిజిస్టరు, ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితం, ఏ నెల ఎంత తీసి ఎంత వేసిందో వేసిన పట్టిక, ఎనిమిది కాగితాలు అన్నీ వరసగా స్కాన్ చేశాడు. చివర ఒక పేరా రాశాడు. మిగిలిన ఈ మొత్తానికి వివరాలు ఇవ్వలేకపోతున్నాను, దీన్ని నా ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేయడానికి ఒప్పుకుంటున్నాను, అని. అది చదివి వినిపించి పంపించేశాడు. అందినట్టు నంబరొచ్చింది. ఆ నంబరు కాగితం పట్టుకుని పెద్దక్క ఇంటికొచ్చి, మొగుడికి జరిగింది చెప్పింది. ఆయన విని, "సరే" అన్నాడు. ఆ రాత్రి ఇద్దరూ పడుకున్నారే గానీ నిద్రపోలేదు.

ఆ తర్వాత వారాలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. పోస్టు సైకిలు బెల్లు వినిపిస్తే ఆవిడ చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేసేది. ఆఫీసరు ఎనిమిదిమందిలో ఇద్దరికి ఉత్తరాలు రాసింది. వేలిముద్ర పెద్దావిడ ఆ ఉత్తరం చదివించుకుని, జవాబు రాయించి, చాలక స్వయంగా ఆఫీసుకే వెళ్లి కూర్చుందట. చివరికి పెద్దక్కకీ పిలుపొచ్చింది. ఆఫీసరు నడివయసు మనిషి, జలుబుతో ముక్కు తుడుచుకుంటూనే ఫైలు తిప్పింది.

"ఎనిమిదిమంది పేర్లు చెప్పారు. మిగిలిన ఈ మొత్తం ఎవరిదో ఎందుకు చెప్పరు?"

"చెప్పలేనమ్మా. పన్ను వేసెయ్యండి, కడతాను."

"ఎంత అవుతుందో తెలుసా?"

"తెలుసు. మిగతా వాళ్ల డబ్బు మాత్రం అబద్ధమనకండి. అది వాళ్ల కష్టం." ఆఫీసరు ఫైల్లో ఏదో రాసుకుంది.

ఆర్డరు వచ్చింది. ఎనిమిదిమందిదీ ఒప్పుకున్నారు. ఇల్లు నిలబడింది. మిగిలిన ఆ ఒక్క మొత్తం పెద్దక్క ఆదాయమైపోయి, పన్నూ జరిమానా కలిపి దాదాపు ఆ మొత్తమంతా అయింది. స్కూటరు అమ్మేశారు. మళ్లీ వేసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టారు. చాలకపోతే మొగుడు డిపోలో పాత స్నేహితుల దగ్గర చేబదులు తెచ్చాడు. పెద్దక్క నడుం పట్టీ కట్టుకుని మళ్లీ తనే డ్యూటీలకి వెళ్లడం మొదలుపెట్టింది. అప్పు మోస్తున్న మనిషికి నడుం నొప్పి కూడా రెండో నొప్పే.

పిచ్చుక డబ్బు మాత్రం ఖాతాలో అలాగే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. కాగితాల ప్రకారం అది పెద్దక్కదే, దానికి పన్ను కూడా కట్టేసింది. అయినా ముట్టుకోలేదు.

ఒక మధ్యాహ్నం పిచ్చుక వచ్చింది. ఒక చేత్తో పిల్ల, ఇంకో చేత్తో బట్టల సంచి. మొగుడు వేరే ఊరి పనిమీద వెళ్లాడట, రేపటికి గానీ రాడట. పెదవి చిట్లి ఉంది. పెద్దక్క పిల్లని తన మొగుడికి అప్పజెప్పి, బ్యాంకుకి నడిచి వెళ్లి నడిచి వచ్చింది.

"స్కూటరేదక్కా?"

"సర్వీసుకిచ్చాం."

"ఆ కాగితం పనికొచ్చిందా? నీ ఇంటికేం కాలేదు కదా?"

"పనికొచ్చింది. ఇల్లెక్కడికి పోతుంది, నిలబడే ఉంది కదా."

పిచ్చుక మొహం తేటపడింది. తను పెట్టిన సంతకమే అక్క ఇల్లు నిలబెట్టిందని అది సంతోషపడుతోంది. పడనీ అనుకుంది పెద్దక్క. కవరు విప్పి నోట్లు దాని చేతిలో పెట్టింది.

"లెక్కపెట్టుకో."

పిచ్చుక బల్ల దగ్గర కూర్చుని లెక్కపెట్టుకుంది, పెదవులు కదుపుతూ, తప్పితే మళ్లీ మొదటి నుంచి. కాసేపు ఒళ్లో ఉంచుకుంది. ఎన్నో ఒకటో తారీఖుల అలవాటు. తనకే తెలీకుండా సగం కట్ట విడదీసి చెయ్యి చాపింది.

"ఉంచక్కా."

పెద్దక్క రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ఈసారి కాదమ్మా. నీ బస్సు వెళ్లిపోతుంది, లే."